డిజిటల్ మార్కెటింగ్ సంస్థకు పేరు: అందరూ వాడేసిన మాటలను తప్పించుకోవడం ఎలా?

గూగుల్ మ్యాప్స్ తెరిచి, బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి కోరమంగళ దాకా ఉన్న డిజిటల్ మార్కెటింగ్ సంస్థల పేర్లను వరసగా పైకి చదవండి. గ్రోత్, పిక్సెల్, క్లిక్, బజ్, స్పార్క్, మీడియా, ల్యాబ్స్, సొల్యూషన్స్. పదో పేరు దగ్గరికి వచ్చేసరికి మొదటిది ఏమిటో గుర్తుండదు. ఊరి వాళ్ల వ్యాపారాలను జనం గుర్తుపెట్టుకునేలా చేస్తామని చెప్పే సంస్థలు తమ పేర్లను మాత్రం ఒకే డబ్బాలోంచి తీసుకుంటాయి.

దీనికి సోమరితనం కన్నా భయమే పెద్ద కారణం. చేసే పని పేరులో కనబడకపోతే క్లయింటుకు అర్థం కాదేమో, గూగుల్‌లో దొరకమేమో అన్న భయం. కాబట్టి పేరు వెతకడానికి ముందే ఆ భారాన్ని పేరు మీద నుంచి దించాలి. ఏ పని చేస్తారో చెప్పడానికి మీకు వేరే చోట్లు నాలుగు ఉన్నాయి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో వర్గం ఎంచుకునే గడి ఒకటి; అందులో మార్కెటింగ్ ఏజెన్సీ, ఇంటర్నెట్ మార్కెటింగ్ సర్వీస్ లాంటివి సిద్ధంగా ఉంటాయి. వెబ్‌సైట్ పేజీ శీర్షిక రెండోది. లోగో కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణ వాక్యం మూడోది. ఇన్‌వాయిస్ మీద కనబడే, చట్టం ప్రకారం నమోదైన కంపెనీ పేరు నాలుగోది. ‘డిజిటల్’, ‘మార్కెటింగ్’ అనే మాటలు ఈ నాలుగు చోట్లా నిక్షేపంగా ఉండవచ్చు. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరులోకి మాత్రం రానివ్వకండి.

పేరులో ఆ మాట ఉంటే మ్యాప్స్‌లో పైకి వస్తామని కొందరు చెబుతారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే అసలు పేరుకు అదనపు పదాలు తగిలించి ప్రొఫైల్‌లో రాయడాన్ని గూగుల్ నియమాలు ఒప్పుకోవు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేరు సరిదిద్దుతారు, ఒక్కోసారి ప్రొఫైలే నిలిచిపోతుంది. పోనీ, నిజంగానే ఆ పదాలతో పేరు పెట్టుకున్నారనుకోండి. అప్పుడు వచ్చే నష్టం వేరు, అది నెలనెలా కనబడుతుంది. సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవారెవరో, ఏదో ఒక ఏజెన్సీ కోసం వెతికినవారెవరో విడదీయడం కుదరదు, ఎందుకంటే ఇద్దరూ టైప్ చేసినవి ఒకే మాటలు. మీ పేరు మీద మీరే గూగుల్ ప్రకటన పెట్టుకోవాలన్నా, ఆ మాటల కోసం నగరంలోని సంస్థలన్నీ పోటీ పడుతుంటాయి కనుక మామూలు సేవ ధరే చెల్లించాలి. క్లయింట్లకు ఈ లెక్కలు వివరించే వృత్తిలో ఉన్నవారు సొంత ఇంట్లో వాటిని మరచిపోవడం విచిత్రమే.

మొదటి అడుగు: వాడేసిన మాటల జాబితా

ఏ మాట అరిగిపోయిందో ఊహతో తేల్చకండి, లెక్కపెట్టండి. గూగుల్ షీట్స్‌లో ఒక కొత్త షీటు తెరిచి, ఎ నిలువు వరసలో, రెండో గడి నుంచి మొదలుపెట్టి, మీతో నిజంగా పోటీ పడే 120 సంస్థల పేర్లు ఆంగ్లంలో రాయండి. మ్యాప్స్‌లో హెచ్‌ఎస్‌ఆర్, కోరమంగళ, ఇందిరానగర్, జయనగర్, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అని విడివిడిగా వెతికితే ఒక పూటలో అంతమంది దొరుకుతారు. సి వరసలో కూడా రెండో గడి నుంచి మీకు అనుమానం ఉన్న ఆంగ్ల పదాలను చిన్న అక్షరాల్లో రాసి, పక్కన డి వరసలో ఈ సూత్రం పెట్టి కిందికి లాగండి.

```
=COUNTIF(A$2:A$121,"*"&C2&"*")
```

నక్షత్రపు గుర్తులు రెండు వైపులా ఉండడం వల్ల, పదం విడిగా ఉన్నా మరో పదంలో అతుక్కుని ఉన్నా లెక్కలోకి వస్తుంది. అదే కావాలి, ఎందుకంటే ఈ రంగంలో సగం పేర్లు అతుకులే: `digi`, `ad`, `mark` ముక్కలకు ఏదో ఒక తోక. అయితే `ad` అని పెడితే `shadow` కూడా పడుతుంది. `lab` పెడితే `collab` పడుతుంది. మూడక్షరాల లోపు ముక్కలకు వచ్చిన సంఖ్యను నమ్మకుండా వరసను ఒకసారి కంటితో చూడండి. 120లో మూడు, అంతకు మించి కనబడిన ముక్క ఏదైనా సరే మీకు నిషిద్ధం. గీత ఎక్కడ గీయాలన్నది మీ ఇష్టం కానీ, నా లెక్కలో మూడే చాలు.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ, అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘గ్రోత్’ కొట్టేసి దాని స్థానంలో ‘వృద్ధి’ రాస్తే మాట మారింది, ఆలోచన మారలేదు. అందుకని ఎ పక్కన బి వరసలో ప్రతి పేరుకూ ఎదురుగా అది ఏ బొమ్మను కళ్ల ముందు పెడుతుందో ఒక్క మాటలో రాయండి. ఎదగడం, నిప్పు రాజేయడం, రాకెట్టులా ఎగరడం, తేనెటీగలు, దిక్సూచి, శబ్దం, మెదడు. 120 పేర్లూ పట్టుమని పది బొమ్మల్లో సర్దుకుపోవడం చూస్తారు. ఆ బొమ్మలన్నీ ఒకే చోటునుంచి వచ్చాయి: క్లయింటుకు ఇచ్చే వాగ్దానంలోంచి. మిమ్మల్ని పెంచుతాం, వెలిగిస్తాం, ఎగరేస్తాం. అందరి వాగ్దానమూ ఒకటే కనుక పేర్లూ ఒకటే అయ్యాయి. కాబట్టి నిషేధించాల్సింది మాటలను మాత్రమే కాదు, ఈ బొమ్మలను కూడా.

తెలుగువారికి ఇంకో ఉచ్చు ఉంది. ఆంగ్లం వద్దనుకోగానే మనసులోకి వచ్చే మొదటి తెలుగు మాట దండోరా, లేదా చాటింపు. ప్రకటనల పనికి అంత చక్కగా సరిపోతుంది కనుకే అది మీ ఒక్కరికే తట్టదు. పైగా దండోరా అనగానే 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం తెలుగు పాఠకులకు గుర్తొస్తుంది. ఒక సామాజిక పోరాటం బరువు మోస్తున్న మాటను దంత వైద్యుల ప్రకటనలకు తగిలించడం సభ్యతగా ఉండదు. మొదటి పది నిమిషాల్లో తట్టిన తెలుగు పేర్లన్నిటినీ కూడా నిషేధ జాబితాలోనే రాయండి.

రెండో అడుగు: మాటలు ఎక్కడ ఏరుకోవాలి?

వాగ్దానంలోంచి కాకపోతే మరెక్కడినుంచి? మీరు పని చేసే తీరులోంచి, మీ క్లయింట్ల రోజువారీ బతుకులోంచి. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం కనుక ఒక ఉదాహరణను చివరిదాకా నడిపిద్దాం.

హెచ్‌ఎస్‌ఆర్‌లో ముగ్గురు తెలుగువాళ్లు కలిసి పెట్టిన సంస్థ అనుకోండి. ఒకరిది అనంతపురం, ఒకరిది నెల్లూరు, ఒకరిది గుంటూరు. దంత, చర్మ, ఫిజియోథెరపీ క్లినిక్‌లకు గూగుల్ ప్రకటనలు, మ్యాప్స్ ప్రొఫైళ్లు చూస్తారు. క్లయింట్లలో తెలుగు డాక్టర్లు ఉన్నారు, కన్నడిగులు ఉన్నారు, తమిళులు, మలయాళీలు, ఉత్తరాది వారూ ఉన్నారు. వీళ్లకు తట్టిన తొలి పేరు ‘పిక్సెల్ గ్రోత్ డిజిటల్’. పైన చెప్పిన లెక్క వేశాక అది నిలవలేదు.

వీళ్లను ఐదు ప్రశ్నలు అడుగుతాను. సోమవారం పొద్దున మీరు చేసే మొదటి పని ఏమిటి? క్లయింటు దగ్గర మీరు పట్టుబట్టి చేయించే పని, వాళ్లకు మొదట చిరాకు తెప్పించేది, ఏది? మీ క్లయింటు టేబుల్ మీద ఏ వస్తువులు ఉంటాయి? పని చెడిపోయినప్పుడు అది మొదట ఎక్కడ కనబడుతుంది? మీలో మీరు మాట్లాడుకునేటప్పుడు వాడే మాటలు, బయటివారికి అర్థం కానివి, ఏమిటి?

జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. సోమవారం పొద్దున క్లినిక్ రిసెప్షన్ నుంచి వారం రోజుల కాల్ రికార్డులు తెప్పించుకుని, ప్రకటన వల్ల వచ్చిన ఫోన్లలో ఎన్నింటిని ఎత్తారో, ఎన్ని అపాయింట్‌మెంట్లు అయ్యాయో పద్దు రాస్తారు. అపాయింట్‌మెంట్లు తేని ప్రకటనను ఆ రోజే ఆపేస్తారు. పట్టుబట్టి చేయించేది ఒకటుంది: మూడో రింగు లోపు ఫోను ఎత్తాలని రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి నేర్పడం. డబ్బు పెట్టి రప్పించిన ఫోను మోగి మోగి ఆగిపోతే ప్రకటన ఎంత బాగున్నా దండగే. టేబుల్ మీద టోకెన్లు, చీటీల కట్ట, ల్యాండ్‌లైన్, ముద్ర. పని చెడిపోయినప్పుడు ముందుగా కనబడేది వెయిటింగ్ హాల్లో ఖాళీ కుర్చీ.

ఇప్పుడు చూడండి, ఎదగడం, ఎగరడం ఒక్కటీ లేదు. టోకెన్, చీటీ, కుర్చీ, పద్దు, రింగు, తెరవడం, ఆపడం. ఈ చివరి రెండు మాటల దగ్గర అనంతపురం అతనికి చెరువు తూము గుర్తొచ్చింది. పొలానికి ఎంత కావాలో అంతే నీళ్లు వదిలి మూసే తూము. ప్రకటన ఖర్చును వీళ్లు నడిపే తీరు అచ్చం అదే. ఇలా యాభై మాటలైనా రాసుకోండి. యాభైలో నలభై ఐదు పనికిరావు, అది మామూలే.

మూడో అడుగు: ఒక్కో పేరునూ కాల్చి చూడటం

జాబితాలోంచి ఆరేడు పేర్లు తీసి వాటికి అనుకూలంగా కాక వ్యతిరేకంగా వాదించండి. ఇష్టపడిన పేరును సమర్థించుకోవడానికి మనిషికి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి. అందుకే ముగ్గురిలో ఒకరికి ప్రతి పేరునూ వెటకారం చేసే పని అప్పగించండి. ఆ పనికి నోటి దురుసు ఉన్నవాళ్లే తగినవారు.

తూము విషయంలో అందరూ ఉబ్బిపోయారు. ఎవరూ వాడలేదు, బొమ్మ కొత్తది, కన్నడలో దాదాపు ఇదే అర్థానికి తూబు అనే మాట ఉంది కనుక స్థానికులకూ పరాయిగా ఉండదు. అప్పుడు నెల్లూరు ఆవిడ అడిగింది: స్నానాల గదిలో మురుగు నీళ్లు పోయే కన్నాన్ని మీ ఇంట్లో ఏమంటారు? అదీ తూమే. క్లయింటు డబ్బు తూములో పోసినట్టు అన్న ఎత్తిపొడుపు మొదటి గొడవలోనే వినిపిస్తుంది. తూము పోయింది. ఈ పరీక్ష పేరు మార్చి మీరూ చేయాలి: బిల్లు విషయంలో కోపంగా ఉన్న క్లయింటు మీ పేరుతో ఏ వెటకారం ఆడగలడో ముందే రాసి చూడండి. వెటకారం మీ పని మీదికే వస్తే ఆ పేరు వద్దు.

తరువాత పద్దు. లెక్క రాసే అలవాటుకు సరిగ్గా అతుకుతుంది. కానీ బెంగళూరులో ఆంగ్ల అక్షరాల్లో `Paddu` అని రాస్తే జనం చదివేది పడ్డు, అంటే మన గుంత పొంగణాలు. కొబ్బరి చట్నీతో తింటే బాగుంటాయి, సంస్థకు పేరుగా బాగుండవు. అదీ దాటితే పద్మ, పద్మావతి ముద్దుపేరు అవుతుంది.

మాట అన్న పేరు గుంటూరు అతను ప్రతిపాదించాడు. ప్రకటనల పనివాళ్లకు ఇంతకన్నా సరైన పేరు ఏముంటుందని వాదించాడు. కన్నడలో మాట అంటే చేతబడి. మన ‘మాట’ అర్థానికి వాళ్లది మాతు. ఆసుపత్రుల మధ్య తిరిగే సంస్థకు చేతబడి అని బోర్డు! బెంగళూరులో తెలుగు పేరు పెట్టాలనుకుంటే ఈ ఒక్క పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే తెలుగు, కన్నడ లిపులు దగ్గర దగ్గరగా ఉండి, బోర్డు మీద అక్షరాలు చదవగలిగినంత మాత్రాన అర్థం కూడా అదేనని భ్రమ కలుగుతుంది. పేరును ఒక కన్నడ మిత్రునికి, ఒక తమిళ మిత్రునికి, ఒక హిందీ మిత్రునికి చెప్పి, బాగుందా అని అడగకండి. వినగానే ఏం గుర్తొచ్చిందని అడగండి. బాగుందా అంటే మర్యాదకు బాగుందనే అంటారు.

గట్టు కూడా జాబితాలో ఉంది. చెరువు గట్టు, గట్టి అన్న ధ్వని, రెండక్షరాలు. ప్రకటనల రంగంలో కాస్త వయసున్న వాళ్లెవరైనా వెంటనే పట్టేస్తారు: ఏషియన్ పెయింట్స్ కోసం 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన రంగు డబ్బా కుర్రాడి పేరు గట్టు. ఇదే రంగంలోని అంత ప్రసిద్ధమైన పేరును తీసుకుంటే అనుకరణ అంటారు.

కొసరు మీద నాకు మొదటినుంచీ మక్కువ ఉంది. కొన్నదానికి పైన దుకాణదారు ఇచ్చే చిన్న అదనం. పలకడానికి ముద్దుగా ఉంటుంది, ఆంగ్లంలో రాయడానికి ఒకే దారి ఉంది. కానీ నెలవారీ రుసుము మీద బతికే సంస్థ ఆ పేరు పెట్టుకుంటే ప్రతి క్లయింటూ రెండు పోస్టర్లు ఊరికే వేయమంటాడు. పైగా కన్నడిగుడు ఫోనులో మొసరు అని వింటే పెరుగు, కెసరు అని వింటే బురద.

మిగిలింది రింగు. ముగ్గురూ తమలో తాము అనుకునే మాటే, మూడో రింగు. తెలుగులో అలాగే ఉంచితే ఉత్తరాది డాక్టరుకు పలకడమే రాదు. థర్డ్ రింగ్ అంటే అందరికీ వస్తుంది. ఇక్కడ కొందరు నొచ్చుకుంటారు; తెలుగు పేరు వెతుకుతూ చివరికి ఆంగ్లానికి వచ్చామేమిటని. తెలుగు పేరే కావాలని నియమం పెట్టుకోలేదు మనం. అరిగిపోయిన చోటునుంచి తీసుకోకూడదని పెట్టుకున్నాం. క్లయింట్లలో సగానికి పైగా తెలుగువాళ్లయి ఉంటే నా తీర్పు వేరుగా ఉండేది.

ఈ పేరులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ‘అంటే ఏమిటండీ?’ అని డాక్టరు అడిగితే ఒక్క వాక్యంలో జవాబు ఉంది: ‘మీ క్లినిక్ ఫోను మూడో రింగు లోపు ఎత్తేలా చూస్తాం సార్, అక్కడినుంచే మా పని మొదలవుతుంది.’ ఆ జవాబే అమ్మకపు మాట కూడా. పిక్సెల్ గ్రోత్ అంటే ఏమిటండీ అని ఎవరూ అడగరు, అడిగినా చెప్పడానికి ఏమీ ఉండదు.

నాలుగో అడుగు: ఫోనులో చెప్పి రాయించడం

చాలామంది ఈ పరీక్షను సరదా కింద తీసేస్తారు. కానీ మీ పేరు ఎక్కువసార్లు చేతులు మారేది నోటిద్వారానే. ఒక డాక్టరు ఇంకో డాక్టరుకు చెబుతారు, రెండోవారు టైప్ చేస్తారు. కాబట్టి పదిమందికి ఫోను చేసి పేరు ఒక్కసారి చెప్పి, స్పెల్లింగు చెప్పకుండా, వాట్సాప్‌లో రాసి పంపమనండి. పదిలో ఏడు మీరు అనుకున్నట్టే వస్తే చాలు.

తెలుగు మాటలకు ఇక్కడే దెబ్బ తగులుతుంది, కారణం కూడా స్పష్టం. త, ద అక్షరాలను మనం `th`, `dh` అని రాస్తాం, ఉత్తరాది వారు `t`, `d` అని రాస్తారు. దీర్ఘాలకు కొందరు రెండు అచ్చులు వాడతారు, కొందరు వాడరు. కాలువ అని పేరు పెడితే సగంమంది కలువ అని చదువుతారు. ళ, ణ ఆంగ్లంలో మాయమైపోతాయి. తెలుగు పేరే కావాలనుకునేవారు క, గ, మ, న, ప, ర, ల, స, వ లాంటి అక్షరాలతో, దీర్ఘం లేని మాటలను ఎంచుకుంటే ఈ బాధ సగం తీరుతుంది.

థర్డ్ రింగ్‌కు కూడా ఒక చిక్కు ఉంది. పదిలో కొందరు `Third Ring` అనీ కొందరు `3rd Ring` అనీ రాస్తారు. మొదటిదే పేరుగా పెట్టుకుని, అంకెతో ఉన్న డొమైన్‌ను కూడా కొని మొదటిదానికి మళ్లించాలి. దొరకకపోతే, అది ఎవరి దగ్గర ఉందో చూడాలి. ఇదే రంగంలో ఉన్నవారి దగ్గర ఉంటే పేరే వదిలేయడం మంచిది. ‘థర్డ్’ ఫోనులో ‘బర్డ్’లా వినబడుతుందేమో కూడా ఈ పరీక్షలోనే తేలుతుంది.

అదే కూర్చున్న చోట పేరును గూగుల్‌లో, పక్కన బెంగళూరు చేర్చి వెతకండి. పేరు మంచిదైతే సంబంధం లేని విషయాలు కలగాపులగంగా వస్తాయి; వాటి మధ్యలోంచి మీరు ఆరు నెలల్లో పైకి రాగలరు. ఏజెన్సీల జాబితా వచ్చిందంటే, మీ పేరును గూగుల్ పేరుగా కాక సేవ వివరణగా చదువుతోందని అర్థం.

ఐదో అడుగు: ట్రేడ్‌మార్కు వెతుకులాట

ట్రేడ్‌మార్కు చట్టం, 1999లోని 9వ సెక్షన్ ప్రకారం, సేవ రకాన్నో నాణ్యతనో వర్ణించే మాటలు మాత్రమే ఉన్న పేరుకు, ఇతరుల నుంచి వేరుగా గుర్తించే లక్షణం లేని పేరుకు నమోదు నిరాకరించవచ్చు. 17వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: మొత్తం పేరు నమోదైనా, అందులో ఆ రంగంలో అందరూ వాడే ముక్క మీద విడిగా హక్కు రాదు. అంటే ‘డిజిటల్’ ఉన్న పేరు నమోదైందని మురిసిపోయినా, పక్క వీధిలో ఇంకొకరు డిజిటల్ అని పెట్టుకుంటే మీరు చేయగలిగింది లేదు. అరిగిపోయిన మాటలు వద్దనడం రుచికి సంబంధించిన విషయంగా కనబడుతుంది గానీ, ఇక్కడికి వచ్చేసరికి అది ఆస్తికి సంబంధించిన విషయం.

ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్కుల బహిరంగ వెతుకులాట ఉచితం. ప్రకటనల సేవలు 35వ తరగతిలోకి వస్తాయి. తరగతి గడిలో 35 పెట్టి, పేరు గడిలో మొత్తం పేరు కాకుండా ముఖ్యమైన ముక్క మాత్రమే పెట్టండి. మన ఉదాహరణలో `ring`. మొదట ఆ ముక్క ఎక్కడున్నా చూపే పద్ధతిలో, తరువాత ఉచ్చారణను బట్టి వెతికే పద్ధతిలో చూడాలి. ఉచ్చారణ వెతుకులాట మానేసినవాళ్లే తరువాత నోటీసు అందుకుంటారు, ఎందుకంటే చట్టం స్పెల్లింగు తేడాను పట్టించుకోదు, చెవికి ఎలా వినబడుతుందో చూస్తుంది. ఫలితాల్లో ప్రతి పేరు పక్కనా స్థితి ఉంటుంది. నమోదైనవి, అభ్యంతరం మీద ఆగినవి, ఎవరో వ్యతిరేకించినవి మీకు ముఖ్యం. వదిలేసినవి, తిరస్కరించినవి అంత ముఖ్యం కాదు. అయితే తిరస్కరించినవాటి ఫైలు తెరిచి పరీక్షా నివేదిక చదివితే, మీలాంటి పేర్లకు ఏ కారణం చూపి కాదన్నారో తెలుస్తుంది. ఇంతకన్నా మంచి పాఠం డబ్బు పెట్టినా దొరకదు.

వెతుకులాటలో అడ్డేమీ కనబడకపోతే టీఎం-ఎ ఫారంతో నమోదుకు దరఖాస్తు చేయాలి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగిలినవారికి 9,000. కర్ణాటక సంస్థల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. ట్రేడ్‌మార్కుల పత్రికలో ప్రకటించాక నాలుగు నెలల పాటు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తరువాత పొడిగించుకోవచ్చు.

ఆరో అడుగు: కంపెనీ పేరు, బోర్డు

కంపెనీగా నమోదు చేసేటప్పుడు స్పైస్ ప్లస్ ఫారం మొదటి భాగంలో రెండు పేర్లు ఇవ్వవచ్చు. రుసుము వెయ్యి రూపాయలు, ఆమోదించిన పేరు 20 రోజులు మీకోసం ఉంటుంది. ఏకవచనం, బహువచనం, ఖాళీలు, విరామ చిహ్నాల తేడాతో ఉన్న పేర్లను నియమాలు ఒకటిగానే చూస్తాయి. ఇక్కడ ‘థర్డ్ రింగ్ మార్కెటింగ్ ప్రైవేట్ లిమిటెడ్’ అని వర్ణన కలిపి రాసుకోండి, తప్పు లేదు. అది ఇన్‌వాయిస్‌కు, బ్యాంకుకు. జీఎస్టీ నమోదులో చట్టబద్ధమైన పేరుకు ఒక గడి, వ్యాపారపు పేరుకు వేరే గడి ఉన్నాయి కనుక రెండూ నడుస్తాయి. కంపెనీ పేరు దొరికింది కదా అని ట్రేడ్‌మార్కు కూడా మీదే అనుకోవడం మాత్రం పొరపాటు. రెండు కార్యాలయాలు, రెండు చట్టాలు.

బోర్డు విషయంలో కర్ణాటకలో అరవై శాతం కన్నడ ఉండాలని 2024లో సవరించిన చట్టం చెబుతుంది. కాబట్టి లోగో గీయించే ముందే పేరును కన్నడ లిపిలో రాయించి చూడండి. కన్నడ అక్షరాలకు పైనా కిందా వచ్చే గుర్తులు ఎత్తును పెంచుతాయి. ఆంగ్లానికి సరిపోయిన పొడవాటి సన్నని పట్టీలో అవి ఇమడవు. కన్నడను చివర్లో ఇరికించిన బోర్డులు రోడ్డు మీద వంద కనబడతాయి, చూడగానే తెలిసిపోతాయి.

లోగో కింద వివరణ వాక్యానికి మూడు నియమాలు చాలు. అందులో క్లయింటు ఎవరో ఉండాలి, చేసే పని ఉండాలి, గుణవాచకాలు ఉండకూడదు. ‘క్లినిక్‌లకు గూగుల్ ప్రకటనలు, మ్యాప్స్’. అంతే. ఇక్కడ డిజిటల్ అని రాసుకున్నా నేను గొడవ పెట్టుకోను. రేపు ఈ ముగ్గురూ క్లినిక్‌లు వదిలి ట్యూషన్ కేంద్రాలకు పని చేస్తే ఆ వాక్యం మారుతుంది, పేరు మారదు. ఫోన్లు పోయి అందరూ వాట్సాప్‌లోనే అడిగే రోజు వస్తే రింగు పాతబడదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పాతబడుతుంది. కానీ పాతబడిన రింగు వెనక కథ ఉంటుంది, దానిని ఎవరికైనా చెప్పవచ్చు.

టీఎం-ఎ ఫారంలో ఒక గడి దగ్గర తొందరపడకండి. ఆ పేరును ఎప్పటినుంచి వాడుతున్నారని అడుగుతుంది. ఇంకా వాడకం మొదలుకాకపోతే వాడబోతున్నామనే రాయాలి. మొదలైందని తేదీ వేస్తే ప్రమాణపత్రం, దానికి ఆధారాలు జతచేయాలి. కాబట్టి ఆ పేరుతో ఇచ్చిన మొదటి ఇన్‌వాయిస్, డొమైన్ కొన్న రసీదు, మొదటి ప్రకటన తెరపట్టు, బోర్డు వేసినవారి బిల్లు, నాలుగూ తేదీలు కనబడేలా ఒక ఫోల్డరులో దాచండి. రేపు ఇలాంటి పేరుతోనే ఇంకొకరు వచ్చినప్పుడు ముందు వాడింది ఎవరన్న వాదన ఆ తేదీల మీదే నడుస్తుంది.